ఖార్కోవుకూ ఖార్కివ్‌కూ దూరమెంత?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఖార్కివ్‌లో నువ్వు అద్దెకున్న ఇంటావిడ యుద్ధకాలంలో రాసుకున్న డైరీని ఉక్రేనియన్ నుంచి నేరుగా తెలుగులోకి అనువదిస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. వైద్యం చదవడానికి వెళ్ళి భాషను కూడా పట్టుకొచ్చావన్న సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రాత్రి చాలాసేపు సంతోషంతో నిద్ర పట్టలేదు, ఆ తర్వాత భయంతో పట్టలేదు. నా భయమంతా ఊళ్ళ పేర్ల గురించే. వాక్యం తప్పితే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు గానీ, ఆవిడ పుట్టిన ఊరి పేరే ఆవిడ పలకని రూపంలో అచ్చయితే ఆ పుస్తకాన్ని ఆవిడ చేతిలో ఎలా పెడతావు?

మొదటి సంగతి నీకు తెలిసిందే కనుక ఒక్క ముక్కలో చెబుతాను. కథనంలో ప్రతి ఊరికీ ఉక్రేనియన్ రూపమే వాడు: ఖార్కోవ్ కాదు ఖార్కివ్, ల్వోవ్ కాదు ల్వివ్, ఒడెస్సా కాదు ఒడెసా, చెర్నిగోవ్ కాదు చెర్నిహివ్. మా తరం ఈ పేర్లన్నిటినీ రష్యన్ పుస్తకాల్లోనే చూసింది కాబట్టి రష్యన్ రూపాలే అసలు పేర్లనుకున్నాం.

రెండవది, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగులో రాయకు. ఆవిడ రాసిన ఉక్రేనియన్ అక్షరాలు చూసి రాయి. ఇంగ్లీషువాళ్ళ వై అక్షరం ఈ పేర్లలో చాలాచోట్ల పొట్టి ‘ఇ’కి గుర్తు మాత్రమే. అది తెలియక మనవాళ్ళు మికొలాయివ్‌ను మైకోలైవ్ చేశారు. రాజధాని పేరులో రెండు అక్షరాలు విడివిడిగా పలుకుతాయి, దాదాపు కియివ్ అన్నట్టు. పత్రికల్లో స్థిరపడిన కీవ్‌ను ఉంచుతావో, కియివ్ అని రాస్తావో నీ ఇష్టం. నేనైతే కీవ్‌నే ఉంచుతాను. క్యివ్ అని మాత్రం రాయకు, ఆ పేరులో ‘క్య’ అనే సంయుక్తాక్షరం లేనే లేదు. ఇక రష్యన్‌లో ‘గ’ పలికే అక్షరమే ఉక్రేనియన్‌లో మన ‘హ’కు చాలా దగ్గరగా పలుకుతుంది. ఇంగ్లీషువాళ్ళ కంటే మనకే అది సులువు కాబట్టి చెర్నిహివ్, లుహాన్స్క్ అని రాయడానికి సంకోచించకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

ఖార్కివ్‌కు చెందిన ఒక బడిపంతులు జ్ఞాపకాలను నేను 1994లో రష్యన్ నుంచి తెలుగు చేశాను. పేర్లన్నీ అలవాటు కొద్దీ రష్యన్ రూపాల్లోనే రాశాను, అప్పట్లో ఎవరూ అడగలేదు. 2018లో ఉక్రెయిన్ విదేశాంగ శాఖ రాజధాని పేరును ఉక్రేనియన్ రూపంలో రాయమని ప్రపంచానికంతటికీ చెబుతూ ప్రచారం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కూడా తన స్పెల్లింగు మార్చుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నా పుస్తకం రెండవ ముద్రణకు వచ్చింది. నేనూ సిగ్గుపడి పేర్లు మార్చాలనుకున్నాను. అనుకోవడం మంచిదే, చేసిన పద్ధతే దిక్కుమాలినది. ముద్రణకు రెండు రోజుల ముందు కంప్యూటరు ముందు కూర్చుని, ‘ఖార్కోవ్’ కనిపించిన ప్రతిచోటా ‘ఖార్కివ్’ పెట్టమని, ‘ల్వోవ్’ ఉన్నచోటల్లా ‘ల్వివ్’ పెట్టమని ఒక్కొక్క మీట నొక్కి, మళ్ళీ చదవకుండా ప్రెస్సుకు పంపేశాను.

పుస్తకం వచ్చిన నెలకు గుంటూరు నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు. “పంతులుగారు ఖార్కోవుకు టిక్కెట్టు కొని ఖార్కివ్‌లో దిగారు. ఈ రెండు ఊళ్ళకూ మధ్య దూరమెంతో దయచేసి తెలుపగలరు” అని. పుస్తకం తీసి చూస్తే తల తిరిగింది. నేను వెతకమన్నది పొల్లు వకారంతో ముగిసే ‘ఖార్కోవ్’. ‘ఖార్కోవ్‌లో’ అన్నది దానికి దొరికింది. కానీ ‘ఖార్కోవుకు’, ‘ఖార్కోవు నుంచి’ అన్నచోట్ల పొల్లు పోయి కొమ్ము వచ్చింది కదా, అవన్నీ యంత్రం కంటపడక పాత రూపంలోనే ఉండిపోయాయి. ఒకే పేజీలో ఒకే ఊరు రెండు ఊళ్ళయింది.

అది చిన్న తప్పు. 1917 విప్లవం గురించిన అధ్యాయంలో తాత్కాలిక ప్రభుత్వానికి తొలి అధినేత అయిన గెయోర్గీ ల్వోవ్ ప్రస్తావన ఉంది. ఆయన రష్యన్ రాకుమారుడు, ల్వోవ్ అనేది ఆయన ఇంటిపేరు, ఊరితో పని లేదు. నా పుస్తకంలో ఆయన కాస్తా గెయోర్గీ ల్వివ్ అయి కూర్చున్నాడు. మరో అధ్యాయంలో, 1943 శరత్కాలంలో సైనికులు ద్నేపర్ నది దాటి ద్నేప్రోపెత్రోవ్‌స్క్ చేరుతారు. నదినీ ఊరినీ కూడా నేను ‘ద్నిప్రో’గా మార్చాను కాబట్టి వాళ్ళు ద్నిప్రో దాటి ద్నిప్రో చేరారు. చదవడానికి నవ్వులాటగా ఉందనుకుని ఊరుకోవడానికి లేదు, చరిత్ర కూడా తప్పింది. ఆ ఊరు ద్నిప్రో అయింది 2016లో. 1943లో దాని పేరు, ఉక్రేనియన్‌లోనే చెప్పాలన్నా, ద్నిప్రోపెత్రోవ్‌స్క్.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఇంకొకటి. పంతులుగారి చిన్నతనంలో స్టేషనులో ఒక అధికారి ‘ఖార్కోవ్’ అంటే, ఆయన తల్లి టిక్కెట్టు చేతిలో పట్టుకుని మెల్లగా సవరిస్తుంది: “ఖార్కోవ్ కాదు, ఖార్కివ్.” ఆ పుస్తకానికి ప్రాణం ఆ ఒక్క వాక్యమే. నా రెండవ ముద్రణలో ఆ తల్లి “ఖార్కివ్ కాదు, ఖార్కివ్” అంటుంది. ఆవిడ గొంతును నిలబెట్టాలనుకున్న నేనే ఆవిడ నోరు నొక్కేశాను. ఇప్పటికీ ఆ పేజీ తెరవలేను.

అందుకే నిన్ను కాస్త గట్టిగానే హెచ్చరిస్తున్నాను, కోప్పడకు. పేర్లను మూకుమ్మడిగా మార్చే మీట జోలికి పోవద్దు. వెతకడం వరకు యంత్రం చేత చేయించు, అదీ ‘ఖార్కో’ అన్నంతవరకే ఇచ్చి, అప్పుడు పొల్లూ కొమ్మూ ఉన్నవి రెండూ దొరుకుతాయి. దొరికిన ప్రతిదాన్నీ నీ కళ్ళతో చూసి, మూడు ప్రశ్నలు వేసుకుని మార్చు: ఇది ఊరా, మనిషా? ఈ పేరు పలుకుతున్నది ఎవరు? ఇది ఏ సంవత్సరం? కథనం నీది కాబట్టి అక్కడ ఉక్రేనియన్ రూపం. డైరీలో రష్యన్ సైనికుడెవరైనా ‘ఖార్కోవ్’ అంటే అతని నోట అదే ఉండనివ్వు. ఆవిడ దాన్ని విని రాసుకున్నదే అందుకు. అలాగే ఒకే పేరును రెండు భాషలు రెండు రకాలుగా పలకడం వేరు, పేరే మారిపోవడం వేరు. ఖార్కివ్‌ను పాతకాలపు సందర్భంలో కూడా ఖార్కివ్ అనే రాయవచ్చు. కానీ 1924 నుంచి 2016 వరకు ఆర్తెమివ్‌స్క్‌గా ఉన్న ఊరిని, ఆవిడ తన బాల్యం గురించి రాసినచోట, బఖ్ముత్ అని దిద్దకూడదు, ఆవిడే అలా రాస్తే తప్ప.

నీ మూలం ఉక్రేనియన్ కాబట్టి, నా అనువాదంలో నాకు ఎదురుకాని ఉచ్చు ఒకటి నీకు ఎదురవుతుంది. అరవై దాటాక ఉక్రేనియన్ కూడబలుక్కుంటూ చదివే రోజుల్లో, ఒక వ్యాసంలో మొదట ఖార్కివ్ అని ఉండి రెండు వరుసల కింద ‘ఖార్కొవా’ అని కనిపిస్తే, రచయిత రష్యన్ రూపాన్ని కలిపేశాడనుకుని మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. తప్పు నాదే. ఆ భాషలో హల్లుతో ఆగిపోయే అక్షరంలోని పాత ‘ఒ’, ‘ఎ’లు చాలా మాటల్లో ‘ఇ’గా మారాయి, వెనుక విభక్తి వచ్చి చేరగానే పాత అచ్చు తిరిగి వస్తుంది. పిల్లిని ‘కిత్’ అంటారు, పిల్లి యొక్క అనాలంటే ‘కొతా’ అంటారు. అదే తీరులో ఖార్కివ్ – ఖార్కొవా, ల్వివ్ – ల్వొవా, కియివ్ – కియెవా. మన ఇల్లు ‘ఇంటికి’ అయినట్టే. ‘ఇంటికి’ చూసి మూలపదం ‘ఇంటి’ అని నిఘంటువులో వెతికేవాణ్ణి ఏమంటాం? కాబట్టి వాక్యంలో ‘ల్వొవా’ కనబడగానే ‘ఆవిడే ల్వోవ్ అంది కదా’ అని పొరబడకు. ప్రథమా విభక్తి రూపానికి వెనక్కి వెళ్ళి, దాన్నే తెలుగులో రాయి. దాని మీద మన విభక్తులు చేర్చేటప్పుడు ‘ఖార్కివ్‌కు’ అంటావో ‘ఖార్కివుకు’ అంటావో మొదటి రోజే నిర్ణయించుకుని ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో.

ఒక మాట చెప్పి ఆపుతాను. 2022 మార్చి 2న మిమ్మల్నందరినీ వెంటనే ఖార్కివ్ విడిచి, నడిచైనా సరే, పెసోచిన్, బాబాయె, బెజ్‌ల్యూదోవ్కా చేరుకోమని మన రాయబార కార్యాలయం నుంచి సూచన వచ్చింది. నువ్వు ఫోను ఎత్తడం లేదు. మీ అమ్మ హాల్లో కూర్చుని ఏడుస్తుంటే నేను పటం పరుచుకుని ఆ మూడు పేర్ల కోసం వెతికాను. పెసోచిన్ ఎక్కడా లేదు. పటంలో ఉన్నది పిసోచిన్. బెజ్‌ల్యూదోవ్కా కూడా లేదు, బెజ్‌ల్యూదివ్కా ఉంది. ఆ ‘ఒ’ ఎక్కడ ‘ఇ’ అవుతుందో ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు, నువ్వు లేని ఊరికి నడుస్తున్నావేమోనని గుండె ఆగినంత పనైంది. పిసోచిన్ చేరానని నీ మెసేజి వచ్చేసరికి ఇక్కడ తెల్లవారింది.

ఆవిడ డైరీలో ఆ రోజు తప్పకుండా ఉంటుంది. అనువాదం అక్కడి నుంచి మొదలుపెట్టు. ఆ మూడు ఊళ్ళూ ఆవిడ రాతలో ఏ విభక్తిలో ఉన్నాయో, నువ్వు తెలుగులో ఎలా రాశావో ఒక కాగితం మీద పక్కపక్కన రాసి, ఫొటో తీసి ఈ ఆదివారంలోగా నాకు పంపు. కళ్ళజోడు మార్పించాను, చూడగలను.

ఇట్లు,
మామయ్య