హీట్‌మ్యాప్ మచ్చ మీదే ఎర్రగా వస్తే మోడల్ మచ్చనే చూస్తున్నట్టా?

ప్రశ్న: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా నిమ్మ ఆకు ఫోటో చూసి గజ్జి తెగులు ఉందో లేదో చెప్పే మోడల్ చేస్తున్నాం. రెస్‌నెట్-50, ఫోటో సైజు 224. గ్రాడ్-క్యామ్ పెడితే ఎరుపు మచ్చ దగ్గరే వస్తోంది. గైడెడ్ బ్యాక్‌ప్రాప్‌లో కూడా మచ్చ అంచులు నీట్‌గా కనిపిస్తున్నాయి. మోడల్ తెగులునే చూసి చెబుతోందని రిపోర్టులో రాయొచ్చా? వైవాలో అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఇప్పుడే రాయకండి. మీ దగ్గరున్న రెండు బొమ్మల్లో మొదటిది చాలా మొరటుగా చూపిస్తుంది. రెండోది మీ మోడల్ ఏం నేర్చుకుందో దాదాపు ఏమీ చెప్పదు. అందుకే రెండూ ఒకే చోటు చూపిస్తున్నాయన్నది సాక్ష్యంగా నిలబడదు.

నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మతోటల ఫోటోలతో ఇలాంటి మోడల్ మీదే నేనూ కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ కూడా హీట్‌మ్యాప్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉండేవి, మచ్చ ఉన్న చోటే ఎరుపు. అయితే ట్రైనింగ్ ఫోటోలను రెండు వైపులా పేర్చి చూస్తే ఒక సంగతి బయటపడింది. గజ్జి పట్టిన ఆకును ఎవరైనా ఎలా ఫోటో తీస్తారు? కొమ్మ వంచి, ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మచ్చ కనబడేలా తిప్పి తీస్తారు. బాగున్న ఆకును పట్టుకోవాల్సిన పనేముంది? చెట్టు మీద ఎలా ఉందో అలాగే తీస్తారు. అంటే గజ్జి ఫోటోల్లో చాలావాటిలో మచ్చ పక్కనే బొటనవేలు ఉంది, మంచి ఆకుల ఫోటోల్లో లేదు. మోడల్‌కు మచ్చ కంటే వేలు పట్టుకోవడమే తేలిక. పెద్దగా ఉంటుంది, రంగు వేరు, అన్ని ఫోటోల్లో ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

మరి హీట్‌మ్యాప్‌లో ఇది ఎందుకు తెలియలేదంటే, గ్రాడ్-క్యామ్ ఎలా తయారవుతుందో చూడాలి. అది ఆఖరి కన్వొల్యూషన్ పొరలోని ఫీచర్ మ్యాప్‌లను తీసుకుంటుంది. గజ్జి స్కోరుకు ఒక్కో మ్యాప్ మీద వచ్చే గ్రేడియంట్ల సగటు ఆ మ్యాప్‌కు బరువు అవుతుంది. ఆ బరువులతో అన్నిటినీ కలిపి, నెగెటివ్‌గా వచ్చినదాన్ని సున్నా చేస్తుంది. రెస్‌నెట్-50కి 224 సైజు ఫోటో ఇస్తే ఆ పొరలో ఒక్కో మ్యాప్ 7×7 గడులే. అంటే అసలు హీట్‌మ్యాప్‌లో ఉన్నవి 49 అంకెలు, ఒక్కో గడి ఫోటోలో 32 పిక్సెళ్ల చదరం. దాన్ని 224కి సాగదీసి నున్నగా రంగు వేయడం వల్లే అంత కచ్చితంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆ గడిని తోటలో కొలతల్లోకి మార్చి చూడండి. ఫ్రేమ్ వెడల్పు 14 సెంటీమీటర్లు అనుకుంటే ఒక గడి 2 సెంటీమీటర్లు. గజ్జి మచ్చ సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. పక్కన బొటనవేలి గోరు సెంటీమీటరు పైనే ఉంటుంది. మచ్చా, గోరూ ఒకే గడిలో పడితే ఎరుపు దేనిదో ఆ బొమ్మ చెప్పలేదు. చూసేవాళ్లకు మచ్చ కావాలి కాబట్టి మచ్చే కనబడుతుంది. పైగా ఆ లోతున ఒక్కో గడికి సమాచారం తన 32 పిక్సెళ్ల నుంచే రాదు. లెక్క ప్రకారం దాని చూపు ఫోటో మొత్తాన్నీ దాటుతుంది. కాబట్టి గడి ఎర్రబడిందంటే ఆధారం కచ్చితంగా ఆ గడిలోనే ఉందని కూడా అనలేం.

రంగుల సంగతి కూడా ఒకటుంది. చాలా కోడ్‌లు ప్రతి ఫోటోకూ విడివిడిగా గరిష్ఠ విలువను 1 చేసి రంగు వేస్తాయి. బలమైన ఆధారం ఉన్న ఫోటోలోనూ, ఏదో కొద్దిపాటి ఆధారంతో తేలిన ఫోటోలోనూ ఎరుపు ఒకేలా వస్తుంది. నార్మలైజ్ చేయకముందు విలువలు ఒకసారి ప్రింట్ చేసి చూడండి. అలాగే అదే ఫోటోకు "మంచి ఆకు" క్లాసు హీట్‌మ్యాప్ కూడా తీయండి. అదీ అదే చోట ఎర్రగా వస్తే, మోడల్ ఎక్కడ చూస్తోందన్నదే మీకు తెలిసింది, గజ్జి అని ఎందుకు అందో తెలియలేదు.

ఇక గైడెడ్ బ్యాక్‌ప్రాప్. అంచులు నీట్‌గా రావడమే దాని మీద అనుమానానికి కారణం. 2018లో జూలియస్ అడెబాయో, ఆయన సహచరులు ఒక సింపుల్ పరీక్ష పెట్టారు. ట్రైనింగ్ అయిన మోడల్ బరువులను పై పొర నుంచి మొదలుపెట్టి ఒక్కో పొరా చెరిపి, యాదృచ్ఛిక అంకెలు నింపుతూ పోయారు. మోడల్ నేర్చుకున్నది పోతుంటే వివరణ బొమ్మ కూడా మారిపోవాలి కదా. మామూలు గ్రేడియంట్, గ్రాడ్-క్యామ్ మారాయి. గైడెడ్ బ్యాక్‌ప్రాప్, దానితో గుణించి తీసే గైడెడ్ గ్రాడ్-క్యామ్ మాత్రం పై పొరలు చెడిపోయినా దాదాపు అలాగే నిలిచాయి. ఆ పద్ధతి వెనక్కి వచ్చేటప్పుడు నెగెటివ్ గ్రేడియంట్లను కొట్టేస్తుంది. దాంతో మిగిలేది చాలావరకు ఇన్‌పుట్ ఫోటో అంచులే. మీ బొమ్మలో మచ్చ అంచులతో పాటు ఆకు ఈనెలు, వేలి గీతలు కూడా తేలి ఉంటాయి, చూసుకోండి.

మీ మోడల్ మీద ఇదే పరీక్ష చేయడం పెద్ద పనేం కాదు. మోడల్‌కు కాపీ తీసుకుని `model.fc.reset_parameters()` అని ఒకసారి, తర్వాత `layer4`లోని కన్వొల్యూషన్లకూ అలాగే చేసి, అదే ఫోటోకు బొమ్మలు మళ్లీ తీయండి. మారని బొమ్మను రిపోర్టు నుంచి తీసేయండి. అయితే మారిందంటే ఆ బొమ్మ మోడల్ మీద ఆధారపడుతోందని మాత్రమే. వేలు నేర్చుకున్న మోడల్ గ్రాడ్-క్యామ్ కూడా ఈ పరీక్షలో నిక్షేపంగా పాసవుతుంది.

వేలా, మచ్చా అన్నది తేలాలంటే బొమ్మ వదిలేసి ఫోటో మీద చెయ్యి వేయాలి. మచ్చను కప్పి స్కోరు చూడాలి, తర్వాత వేలిని కప్పి చూడాలి. సాఫ్ట్‌మ్యాక్స్ తర్వాతి సంభావ్యత చూడొద్దు. అది 0.99 దగ్గర కూర్చుంటే లోపల ఎంత తగ్గినా పైకి కనబడదు. రెండు క్లాసుల లాజిట్‌ల మధ్య తేడా చూడండి. ఆ తేడా సున్నా కిందికి పోతే జవాబే మారిపోయినట్టు.

```python
import cv2, torch

def margin(model, x):
    with torch.no_grad():
        s = model(x)[0]
    return (s[GAJJI] - s[MANCHI]).item()

model.eval()
covered = cv2.inpaint(img, mask, 5, cv2.INPAINT_TELEA)
print(margin(model, prep(img)), margin(model, prep(covered)))
```

`GAJJI`, `MANCHI` అంటే మీ మోడల్‌లో ఆ రెండు క్లాసుల నంబర్లు. `prep` అంటే మీరు ట్రైనింగ్‌లో వాడిన రీసైజ్, నార్మలైజేషనే, చివర `unsqueeze(0)`తో ఒక ఫోటో బ్యాచ్‌గా మార్చి ఇవ్వాలి. `mask`లో కప్పాల్సిన చోటు 255, మిగతాది 0. నల్ల చదరం పెట్టి కప్పొద్దని గట్టిగా చెబుతాను. మోడల్ ట్రైనింగ్‌లో నల్ల చదరాన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి స్కోరు పడిపోతే మచ్చ పోయినందుకా, చదరం వచ్చినందుకా అన్నది తెలియదు. పైన కోడ్ చుట్టూ ఉన్న రంగుతోనే ఖాళీ నింపుతుంది. అయినా మరకలా కొంత తేడా మిగులుతుంది. అందుకే మచ్చలేని చోట అంతే సైజు ముక్కను కూడా కప్పి, దానికెంత తగ్గిందో పక్కన రాసుకోండి. మచ్చ కప్పితే తగ్గింది దానికంటే బాగా ఎక్కువ ఉండాలి.

మా దగ్గర ఒక ఫోటోలో మొదట తేడా 4 దగ్గర ఉంది. మచ్చలన్నీ కప్పితే 3.5 దగ్గర ఆగింది, ఉత్త ఆకు ముక్క కప్పినా ఇంచుమించు అంతే తగ్గింది. వేలిని కప్పితే సున్నా కిందికి జారింది. అంటే ఆకు నిండా మచ్చలున్నా, వేలు కనబడకపోతే "మంచి ఆకు" అంటోంది. మిగతా ఫోటోల్లోనూ చాలావాటికి ఇదే వరస.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఫోటో ఎడిట్ చేసే పని కూడా లేని దారి ఇంకోటి ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. తోటకు వెళ్లి బాగున్న ఆకులను వేళ్లతో పట్టుకుని ఫోటోలు తీయాలి, గజ్జి ఆకులను ముట్టుకోకుండా చెట్టు మీదే తీయాలి. మేం అలా తీసినవి మోడల్‌కు ఇస్తే, పట్టుకున్న మంచి ఆకులకు వరసగా గజ్జి అంటగట్టింది. టెస్ట్ సెట్‌లో అంతకుముందు మంచి అక్యూరసీ రావడానికి కారణం కూడా అక్కడే ఉంది. ఆ ఫోటోలూ అదే అలవాటుతో తీసినవే. తర్వాత రెండు రకాల ఆకులనూ రెండు విధాలుగా తీయించి మళ్లీ ట్రైన్ చేశాం. టెస్ట్ సెట్‌ను ఫోటోల వారీగా కాకుండా తోటల వారీగా విడదీశాం. అక్యూరసీ తగ్గింది, కానీ మచ్చ కప్పినప్పుడు స్కోరు పడటం మొదలైంది.

మీ ఫోటోల్లో వేళ్లే లేకపోవచ్చు. అప్పుడు సిమెంటు గచ్చు, ఎండ, పరిచిన న్యూస్‌పేపర్ లాంటివి ఒక క్లాసులోనే ఉన్నాయేమో వెతకండి. ఈ వెతుకులాట మనుషులే చేయాలి. ఏది అడ్డదారో ముందే అనుమానం ఉంటేనే హీట్‌మ్యాప్‌లో దాన్ని గుర్తుపడతారు.

మచ్చ మీద పరీక్ష పాసయ్యాక కూడా ఒక చిక్కు ఉంటుంది. నిమ్మలో ఆకు తొలుచు పురుగు చేసిన గాయాల గుండా గజ్జి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. అందుకే పురుగు తొలిచిన వంకర గీతలూ, గజ్జి మచ్చలూ తరచు ఒకే ఆకు మీద, ఒకే చోట ఉంటాయి. ఆ చోటును మోడల్ చూస్తోందని హీట్‌మ్యాప్ చెప్పగలదు. బిరుసుగా ఉబ్బిన మచ్చనూ దాని చుట్టూ పసుపు వలయాన్నీ చూస్తోందా, పురుగు గీతలను చూస్తోందా అన్నది చెప్పలేదు. పురుగు మాత్రమే ఉండి గజ్జి లేని ఆకుల ఫోటోలు కొన్ని విడిగా పెట్టుకుని పరీక్షించండి.

రిపోర్టులో గ్రాడ్-క్యామ్ బొమ్మలు ఉంచండి, కానీ బాగా వచ్చినవే ఏరి పెట్టొద్దు. మోడల్ తప్పు చెప్పిన ఫోటోలవి కూడా పెట్టండి. పక్కనే ఒక పట్టిక వేయండి: మార్చని ఫోటోకు తేడా ఎంత, మచ్చ కప్పితే ఎంత, ఉత్త ఆకు ముక్క కప్పితే ఎంత. వైవాలో "తెగులునే చూస్తోందని ఎలా చెబుతారు" అని అడిగితే ఆ పట్టిక తెరిచి చూపించండి. 7×7 గడుల సంగతి వాళ్లు అడగకముందే మీరే చెప్పేయండి.