ఒరాంగ్-ఒరాంగ్ అంటే మనుషులు మనుషులు కాదు

అమ్మాయీ,

నువ్వు ఇండోనేషియన్ నుంచి చేస్తున్న కథ మొదటి డ్రాఫ్టు చేరింది. మూలాన్ని పక్కన పెట్టుకుని మరీ చదివాను. కథ నడక నీకు పట్టుబడింది. జంట పదాల దగ్గర మాత్రం చాలాచోట్ల తడబడ్డావు, అందుకని ఈ ఉత్తరమంతా వాటి గురించే.

రెండో పేజీలో మూలం ఇలా ఉంది: "పగీ-పగీ ఒరాంగ్-ఒరాంగ్ సుదా దుదుక్-దుదుక్ ది వారుంగ్ కోపీ." నీ తెలుగు: "పొద్దున్నే చాలామంది మనుషులు కాఫీ కొట్టులో కూర్చుని కూర్చుని ఉన్నారు." ఈ ఒక్క వాక్యంలోనే మూడు జంటలున్నాయి. మూడూ చూడటానికి ఒకేలా ఉన్నా వాటి పనులు వేరు.

ముందు ఒరాంగ్-ఒరాంగ్ సంగతి. ఒరాంగ్ అంటే మనిషి కాబట్టి, దాన్ని రెండుసార్లు రాస్తే 'మనుషులు' అవుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సగమే నిజం. తెలుగులో ఒకరికంటే ఎక్కువమంది ఉంటే 'లు' పెట్టక తప్పదు. ఇండోనేషియన్‌లో ఆ నిర్బంధం లేదు, ఉత్త 'ఒరాంగ్' కూడా సందర్భాన్ని బట్టి మనుషులే అవుతుంది. 'ఒరాంగ్ ది సినీ రామా' అంటే 'ఇక్కడివాళ్ళు కలుపుగోలువాళ్ళు'. అక్కడ జంట లేదు కదా అని 'ఇక్కడి మనిషి కలుపుగోలువాడు' అని రాశావనుకో, మొత్తం ఊరి గురించి చెప్పిన మాట కాస్తా ఒక్కడికి అంటగట్టినట్టవుతుంది. మూలంలో ఎన్ని జంటలున్నాయో తెలుగులో అన్నే బహువచనాలు ఉండాలని లెక్క వేసుకోకు.

జంట చేసినప్పుడు 'రకరకాలవాళ్ళు, ఎందరో తెలియదు' అనే ఛాయ కూడా వస్తుంది. అందుకే సంఖ్య చెప్పాక జంట రాదు. రెండు పుస్తకాలు అనడానికి 'దువా బుకు' అంటారు, 'దువా బుకు-బుకు' అనరు. చాలామంది అనడానికి 'బన్యాక్ ఒరాంగ్' చాలు. కాబట్టి జంట కనిపించినచోటల్లా 'చాలామంది' చేర్చాల్సిన పనిలేదు. రచయిత ఎక్కువమంది అనలేదు, లెక్కపెట్టలేదు, అంతే. నీ వాక్యంలో 'జనం' అంటే సరిపోతుంది. ఇంకోచోట 'వాళ్ళూ వీళ్ళూ' కుదరవచ్చు.

అన్నట్టు, 'తిగా ఒరాంగ్ గురు' దగ్గర 'ముగ్గురు మనుషులు, గురువులు' అని రాశావు. అక్కడ ఒరాంగ్ మనిషి కాదు, మన 'మంది' లాంటి లెక్కమాట. 'పదిమంది టీచర్లు'లో 'మంది' చేసే పనే అక్కడ అది చేస్తోంది. 'ముగ్గురు టీచర్లు' అని వదిలెయ్.

ఇక దుదుక్-దుదుక్. డ్రాఫ్టులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. దుదుక్ అంటే కూర్చోవడం. మనం 'కూర్చుని కూర్చుని' అన్నామంటే తర్వాత 'నడుం పట్టేసింది' అనో 'విసుగొచ్చింది' అనో వస్తుంది. 'నడిచి నడిచి', 'చెప్పి చెప్పి', 'ఎదురుచూసి ఎదురుచూసి' కూడా అంతే. తెలుగులో క్రియను ఇలా రెట్టిస్తే పని బరువెక్కుతుంది, అలసట తెలుస్తుంది. ఇండోనేషియన్‌లో దుదుక్-దుదుక్, జలాన్-జలాన్, మకాన్-మకాన్ లాంటివి దీనికి తలకిందులు. అక్కడ జంట పనిని తేలిక చేస్తుంది. పెద్ద ప్రయోజనమేమీ లేకుండా, సరదాగా చేస్తున్నారని అర్థం. జలాన్-జలాన్ అంటే అలా తిరిగి రావడం. మకాన్-మకాన్ అంటే నలుగురూ కలిసి సరదాగా తినడం. కాబట్టి వాళ్ళు కాఫీ కొట్టులో 'ఊరికే కూర్చుని ఉన్నారు'. జంటను తీసేసి 'ఊరికే' పెడితేనే మూలానికి దగ్గరవుతావు.

కానీ దీన్ని సూత్రంగా పట్టుకోకు. తర్వాతి వాక్యంలోనే 'అనక్-అనక్ బెర్లారీ-లారీ' ఉంది. ఇక్కడ ముందు 'బెర్' చేరి, ధాతువు మాత్రమే రెట్టించింది. పిల్లలు అటూ ఇటూ పరుగులు పెడుతున్నారన్నమాట. 'బెర్తెరియాక్-తెరియాక్' అయితే అదేపనిగా అరవడం. ఉపసర్గ ఉన్నచోట పని మళ్ళీ మళ్ళీ జరుగుతోందేమో చూడు. ఉత్త క్రియే రెట్టించి, చుట్టూ తీరిక వాతావరణం ఉంటే 'ఊరికే' కోసం చూడు.

పగీ-పగీ దగ్గర నీకు అదృష్టం కలిసొచ్చినా వాడుకోలేదు. పగీ అంటే పొద్దున. జంట చేస్తే మరీ పెందలాడే అని. దానికి అచ్చంగా సరిపోయే జంట మనకే ఉంది, 'పొద్దుపొద్దున్నే'. మన వ్యాకరణంలో ఇలా రెట్టించిన మాటలో రెండోదాన్ని ఆమ్రేడితం అంటారు. పట్టపగలు, చిట్టచివర, మొట్టమొదట అన్నీ ఆ కుదురువే. తెలుగు జంట తనంతట తాను వచ్చి నిలబడితే కాదనకు.

అయితే వాక్యం ఇలా అవుతుంది: "పొద్దుపొద్దున్నే జనం అప్పుడే కాఫీ కొట్టులో చేరి ఊరికే కూర్చుని ఉన్నారు." మూలంలో మూడు జంటలు, ఇక్కడ ఒకటే. ఏ లోటూ లేదు.

ఇప్పుడు విశేషణాల దగ్గరికి వద్దాం. 'రుమాన్య బెసార్-బెసార్' అన్నదాన్ని 'అతని ఇల్లు చాలా పెద్దది' అన్నావు. రెట్టిస్తే 'చాలా' వస్తుందనుకున్నావు. 'చాలా పెద్దది' అనాలంటే వాళ్ళు మామూలుగా 'బెసార్ సెకాలీ' అంటారు. ఇక్కడ రుమా ఒక్కసారే ఉంది, బెసార్ రెండుసార్లు ఉంది, కాబట్టి ఒకటికంటే ఎక్కువ ఇళ్ళున్నాయనే సమాచారం విశేషణం మోస్తోంది. 'అతనివన్నీ పెద్ద పెద్ద ఇళ్ళు' అని అర్థం. ఆ తర్వాతి పేజీలో అతను అద్దెలు వసూలు చేసుకోవడానికి బయల్దేరితే, ఒక్క ఇంటికి అన్ని అద్దెలేమిటని నీకు అనుమానం రావాల్సింది. మన 'పెద్ద పెద్ద' కూడా బహువచనంతోనే పొసుగుతుంది, 'పెద్ద పెద్ద ఇల్లు' అని ఎవరూ అనరు. ఇక్కడ కూడా రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి.

గట్టిపడిపోయిన జంటలు కొన్నుంటాయి. వాటిని విడదీయకూడదు. మతా అంటే కన్ను, మతా-మతా అంటే గూఢచారి. లంగిత్ ఆకాశం, లంగిత్-లంగిత్ ఇంటి లోకప్పు. కుపు-కుపు సీతాకోకచిలుక, సగం తీసేస్తే ఆ అర్థంలో మాటే మిగలదు. ముందు 'సెఒరాంగ్', 'సెఎకోర్' లాంటి 'ఒక' మాట ఉందేమో చూడు. 'సెఒరాంగ్ మతా-మతా' అంటే ఒక గూఢచారి. 'ఒక'తో పాటు జంట వచ్చిందంటే దాదాపుగా అది గట్టిపడిన మాటే. సందేహం వస్తే నిఘంటువులో జంటనే వెతుకు, సగాన్ని కాదు.

సయుర్-మయుర్‌కి 'కూరలు గీరలు' పెట్టావు. మన గీ-లో కొంచెం నిర్లక్ష్యం ఉంటుంది. సయుర్-మయుర్ మార్కెట్ బోర్డు మీద కూడా రాసుకునే మర్యాద గల మాట. 'కూరగాయలు' చాలు.

నువ్వు తర్వాత చేయాలనుకుంటున్న పాత సంపుటిలో 'ఒరాంగ్' పక్కన 2 అంకె కనిపిస్తే (orang2) కంగారుపడకు, అది అధోజ్ఞాపిక సంఖ్య కాదు. 1972లో స్పెల్లింగ్ సంస్కరణ వచ్చేదాకా జంటను అచ్చులో అలా కుదించి రాసేవారు. anak2nya అంటే 'అతని పిల్లలు'. కొందరు ఇప్పటికీ మెసేజీల్లో అలాగే రాస్తారు.

ఇక ఆఖరి పేజీలో 'కెచిల్-కెచిల్ సుదా బెకెర్జా' ఉంది. నువ్వు 'చిన్న చిన్నగా పనిచేస్తున్నాడు' అన్నావు. అక్కడ జంటకు 'అయినా సరే' అనే అర్థం వచ్చింది. 'ఇంత చిన్నవాడు, అప్పుడే పనికి పోతున్నాడు' అని రాసి చూడు. తర్వాత తల్లి ఎందుకు ఏడ్చిందో నీ పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది. ఈ సవరణలతో రెండో డ్రాఫ్టు పంపు, మూలం జిరాక్సు కూడా జతచెయ్.

ఆశీస్సులతో,
నీ మాస్టారు