సిమ్ అంటే నాబ్ కాదురా, బుడగలు చూడు

ఒరేయ్ బుజ్జీ,

ఆలుగడ్డలు పైనంతా చెదిరిపోయి నీళ్ళలో కలిసిపోయాయి, లోపల చూస్తే ఇంకా పచ్చిగానే ఉన్నాయి అని మెసేజ్ పెట్టావు కదా, మంట సరిపోలేదేమో అని కూడా అడిగావు. మంట ఎక్కువైందిరా నాయనా. నీళ్ళు ఒకసారి బాగా మరిగాక నువ్వు మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు, కొండ ప్రాంతమైతే అంత కూడా రాదు. ఎక్కువ పెట్టిన మంటంతా ఆవిరైపోతుంది, ముక్కల్ని ఒకదానికొకటి కొట్టి పైపొర విరిచేస్తుంది, అంతే. లోపలికి వేడి వెళ్ళేది మాత్రం దాని తీరికలో అది వెళ్తుంది.

మొదట ఒకటి తెలుసుకో. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే గిన్నె గోడలకి చిన్న చిన్న బుడగలు అంటుకుని కనపడతాయి, అవి మరగడం కాదు, నీళ్ళలో కరిగిన గాలి బయటికొస్తోంది. తర్వాత అడుగు నుంచి బుడగలు లేస్తాయి కానీ పైకి రాకముందే చల్లటి నీళ్ళలో అణిగిపోతాయి, అప్పుడే ఆ సుయ్యిమనే సౌండ్ వస్తుంది. బాగా మరిగేసరికి ఆ సౌండ్ మారి కళపెళమంటుంది. నేనైతే పక్క గదిలోంచి వినే చెప్పేస్తా, మీ పెదనాన్న నమ్మరు, వెళ్ళి మూత తీసి చూసి మరీ వస్తారు.

సిమ్ అంటే ఏంటంటే, నీళ్ళ పైభాగం కొంచెం వణుకుతూ ఉంటుంది, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న బుడగ వచ్చి పగులుతుంది, సుమారు 85 నుంచి 95 డిగ్రీలు అనుకో. మెల్లగా మరగడం అంటే బుడగలు అంతటా ఆగకుండా వస్తుంటాయి, కానీ గరిటె పెట్టి ఒకసారి కలిపితే ఒక్క క్షణం సద్దుమణిగి మళ్ళీ మొదలవుతాయి. తెర్లడం అంటే పెద్ద పెద్ద బుడగలు, నీళ్ళంతా తిరగబడుతుంటాయి, ఎంత కలిపినా ఆగదు. చివరి రెండిటికీ తేడా కంటితో తెలీకపోతే గరిటే పరీక్ష, ఇంకేం అక్కర్లేదు.

ఇప్పుడు నీ ఆలుగడ్డలకే వద్దాం. ఒకే సైజు ముక్కలు కోసి, చల్లటి నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టు, ముక్కల పైన రెండు వేళ్ళంత నీళ్ళు ఉండాలి. మంట పెద్దగానే పెట్టు, బుడగలు అంతటా రావడం మొదలవ్వగానే తగ్గించు. తెర్లే దాకా ఆగి తగ్గిద్దాంలే అనుకుంటే లేటైపోతుంది, ఎందుకంటే గిన్నె అడుగులో దాచుకున్న వేడి ఇంకా కాసేపు మరిగిస్తూనే ఉంటుంది, మందం గిన్నె అయితే ఇంకా ఎక్కువ. తగ్గించాక రెండు మూడు నిమిషాలు నాబ్ ముట్టుకోకు, ఊరికే చూడు. ఇంకా అంతటా బుడగలు వస్తుంటే మరికాస్త తగ్గించు, పైన వణుకు కూడా ఆగిపోతే ఒక పిసరు పెంచు. అలా 12 నుంచి 15 నిమిషాలకి చాకు గుచ్చి చూడు, సులువుగా దిగిందంటే అయిపోయినట్టే.

నాబ్ మీద సిమ్ అని రాసి ఉంటుంది కదా, దాన్ని నమ్మకు. అది ఆ బర్నర్ ఇవ్వగల అతి తక్కువ మంట, నీ గిన్నెలో ఏం జరుగుతోందో దానికేం తెలుసు. పెద్ద బర్నర్ మీద చిన్న గిన్నె పెడితే సిమ్‌లో కూడా మరుగుతూనే ఉంటుంది. చిన్న బర్నర్‌కి మార్చు, అదీ కుదరకపోతే గిన్నెని కొంచెం పక్కకి జరిపి ఒక అంచు మాత్రమే మంట మీద ఉండేలా పెట్టు, ఒరిగిపోకుండా చూసుకో అంతే.

మూత సంగతి చాలామంది మర్చిపోతారు. మూత లేకుండా సిమ్‌లో కరెక్టుగా ఉన్నది, మూత పెట్టగానే వేడి బయటికి పోక ఐదు నిమిషాల్లో తెర్లడం మొదలెడుతుంది. మూత పెట్టావంటే మంట ఇంకా తగ్గించాలి, లేదా మూత కాస్త తెరిచి పెట్టాలి.

ఇంకోటి, ఇదంతా పల్చటి వాటికి. చిక్కటి సూప్ లాంటివైతే బుడగ పైకి రావడానికి కష్టపడుతుంది, పైన చూస్తే ప్రశాంతంగా ఉంటుంది, అప్పుడప్పుడు ఒక పెద్ద బుడగ ఫట్‌మని పగిలి చేతి మీద చిందుతుంది, అది చూసి సిమ్‌లోనే ఉందిలే అనుకునే లోపు అడుగంటేస్తుంది. వాటికి బుడగల మీద ఆధారపడకు, మంట బాగా తగ్గించి గరిటె అడుగు దాకా తగిలేలా కలుపుతూ ఉండు, అడుగున గరిటెకి ఏదైనా అంటుకున్నట్టు తగిలిందంటే వెంటనే దించెయ్. అడుగున గీకకు, మాడిన వాసన మొత్తానికి పడుతుంది, పైన ఉన్నంత వరకు మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకో.

మీ పెద్దమ్మ