క్యూఏ అంటే ఏ క్యూఏ? వేరే ఫీల్డ్ ఉద్యోగానికి పిలిచిన రిక్రూటర్‌కు ఏం రాయాలి

ప్రశ్న: నాది నంద్యాల. ఎం.ఫార్మసీ చేసి నాలుగేళ్లుగా బెంగళూరు బొమ్మసంద్రలో ఇంజెక్షన్లు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ అష్యూరెన్స్, అంటే క్యూఏలో పనిచేస్తున్నాను. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 'క్యూఏ ఇంజనీర్' పోస్టు ఉందని ఒక రిక్రూటర్ లింక్డిన్‌లో మెసేజ్ పెట్టారు, రెండుసార్లు ఫోన్ కూడా చేశారు. నాకు కోడింగ్ రాదు. వద్దంటే ఆమె మళ్లీ పిలవరేమో అని టెన్షన్. నాన్న మాత్రం "వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోకు, ఇంటర్వ్యూకి వెళ్లిరా" అంటున్నారు. ఏమని జవాబివ్వాలి?

జవాబు: ముందు ఆ మెసేజ్ మీ దాకా ఎలా వచ్చిందో చూడండి. రిక్రూటర్లు ఒక్కొక్కరి ప్రొఫైల్ చదువుకుంటూ కూర్చోరు. సెర్చ్ పెట్టెలో 'క్యూఏ', 'వాలిడేషన్', 'బెంగళూరు', మూడు నుంచి ఐదేళ్ల అనుభవం అని కొడతారు. వచ్చిన వందల పేర్లకు ఒకే మెసేజ్ పంపుతారు. మీ ప్రొఫైల్లో క్యూఏ ఉంది, వాలిడేషన్ ఉంది. మందుల ప్లాంటులో క్యూఏ వేరు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే క్యూఏ వేరు అన్న సంగతి ఆ సెర్చ్‌కు తెలియదు. మెసేజ్ మరోసారి తెరిచి చూడండి. మీ ప్లాంటు మాట, ఇంజెక్షన్ల మాట ఎక్కడా లేకుండా ఆటోమేషన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్ సెలీనియం అని మాత్రమే ఉంటే, ఆమె మీ ప్రొఫైల్ ఇంకా తెరవలేదన్నమాట.

కాబట్టి మీ జవాబుకు రెండు పనులున్నాయి. ఈ పోస్టు వద్దని చెప్పడం చిన్న పని. ఆమె దగ్గర మీ పేరు పక్కన తప్పుగా పడిన వివరాన్ని సరిచేయడం పెద్ద పని. "ప్రస్తుతానికి ఆసక్తి లేదు, మున్ముందు ఏమైనా ఉంటే చెప్పండి" అని చాలామంది రాస్తారు. మర్యాదగానే ఉంటుంది కానీ అందులో ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత ఆమె మళ్లీ ఒక టెస్టింగ్ ఉద్యోగమే పంపుతారు.

వద్దనే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: ఆ కంపెనీ చేసే సాఫ్ట్‌వేర్ ఎవరికోసం? ఫార్మా ప్లాంట్లు వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు కూడా ఉంటాయి. ప్లాంటులో రికార్డులు ఉంచే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని కాగితాల మీద నిరూపించాలి. దాన్నే కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ అంటారు. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ పెట్టిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధన మీకు ఆడిట్ల వల్ల పరిచయమే అయి ఉంటుంది. అలాంటి కంపెనీ అయితే ఇది మీకు పరాయి పని కాకపోవచ్చు. మెసేజ్‌లో తెలియకపోతే ఉద్యోగ వివరాలుండే జేడీ పంపమని ఒక వాక్యం రాసి, వచ్చాక నిర్ణయించుకోండి. బ్యాంకు యాప్ టెస్టింగ్ అని ముందే ఉంటే ఇక అడగక్కర్లేదు.

అలాంటి టెస్టింగ్ పోస్టే అయితే జవాబు ఇంగ్లీషులోనే రాయండి, విషయం మాత్రం ఈ వరసలో ఉండనివ్వండి:

"నమస్తే మేడమ్. డ్యూటీలో ఫోన్ దగ్గర ఉండదు, అందుకే మీ కాల్స్ ఎత్తలేకపోయాను. మీరు చెప్పిన పోస్టు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌ది. నేను ఆ పని చేయలేదు కనుక దీనికి నా పేరు వద్దు. నాది ఫార్మా క్వాలిటీ అష్యూరెన్స్. నాలుగేళ్లుగా స్టెరైల్ ఇంజెక్షన్ల ప్లాంటులో బ్యాచ్ రికార్డుల రివ్యూ, డీవియేషన్లు, క్యాపా, ప్రాసెస్ వాలిడేషన్ చూస్తున్నాను. ఫార్మా, బయోటెక్ కంపెనీల్లో క్యూఏ గానీ వాలిడేషన్ గానీ పోస్టులు వస్తే తప్పకుండా చెప్పండి. బెంగళూరు, హైదరాబాద్ రెండూ నాకు సమ్మతమే. నోటీసు రెండు నెలలు. ఏ కంపెనీకైనా నా సీవీ పంపే ముందు ఒక మాట చెప్పండి. సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ ఎత్తుతాను."

మీరు నిజంగా చేసిన పనులే ఇందులో పెట్టండి. హైదరాబాద్ వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ మాట తీసేయండి. 'డీవియేషన్లు', 'క్యాపా' అన్నవి ఆమెకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. రేపు ఏదైనా ఫార్మా కంపెనీ ఆమెకిచ్చే జేడీలో ఇవే మాటలుంటాయి. అప్పుడు ఆమె తన ఇన్‌బాక్స్‌లో వెతికితే మీ మెసేజ్ దొరకాలి. జీతం మాట ఇప్పుడు ఎత్తొద్దు. ఆమె అడిగినా, సరైన పోస్టు వచ్చినప్పుడు మాట్లాడుకుందామని చెప్పండి.

సీవీ గురించిన వాక్యం మాత్రం తీసేయకండి. మీకు ఫోన్ చేసినామె కన్సల్టెన్సీ మనిషి అయితే, "ఒకసారి సీవీ పంపండి, చూద్దాం" అంటారు. పంపితే అది మిమ్మల్ని అడగకుండానే రెండు మూడు కంపెనీలకు చేరిపోవచ్చు. చాలా కంపెనీల్లో ఒక కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన సీవీ కొన్ని నెలల పాటు ఆ కన్సల్టెన్సీ పేరు మీదే నమోదై ఉంటుంది. ఈలోగా అదే కంపెనీలో మీకు సరిపోయే పోస్టు పడి, అక్కడున్న మీ స్నేహితురాలు రెఫర్ చేస్తే, ఈ పేరు ఇప్పటికే ఉందని వెనక్కి కొట్టేయొచ్చు. ఇక రిజిస్ట్రేషన్ ఫీజు అనో, ముందే ఆధార్, పాన్ కాపీలు పంపమనో అడిగితే ఆమెతో మాట అక్కడే ఆపేయండి.

జవాబు అసలివ్వకుండా ఉండటం ఎందుకు మంచిది కాదో కూడా చెప్తాను. ఆమె పంపింది లింక్డిన్‌లో కనెక్షన్ లేనివారికి పంపే ఇన్‌మెయిల్ అయితే దానికి ఆమె క్రెడిట్ ఒకటి ఖర్చవుతుంది. 90 రోజుల్లోపు మీరు అవునన్నా కాదన్నా ఆ క్రెడిట్ ఆమెకు తిరిగొస్తుంది. వద్దన్న జవాబు కూడా ఆమెకు మేలు చేస్తుందని తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. టెస్టింగ్ చేసే స్నేహితులెవరైనా ఉద్యోగం వెతుకుతుంటే, వాళ్లను ముందు అడిగి, ఒప్పుకుంటే ఆ పేరు ఇవ్వండి. ఆమెకు ఇంతకన్నా గుర్తుండే సాయం ఉండదు.

నాన్నగారి మాటలో ప్రేమ ఉంది, కానీ ఈ విషయంలో నేను ఒప్పుకోను. నా దగ్గరికొచ్చిన ఒక మెకానికల్ అబ్బాయి ఇలాగే ఒక సేల్స్ ఉద్యోగానికి మూడు రౌండ్లు వెళ్లి, ఆఫర్ వచ్చాక ఇది నా లైను కాదన్నాడు. ఆ కన్సల్టెంట్ తన క్లయింటు దగ్గర మాట పడాల్సి వచ్చింది. ఆ తర్వాత డిజైన్ పోస్టులు వచ్చినా అతనికి ఫోన్ చేయలేదు. మొదటి రోజే వద్దని ఉంటే అతని మీద ఆ కన్సల్టెంట్‌కు ఏ కోపమూ ఉండేది కాదు.

జవాబు పంపిన రాత్రే మీ లింక్డిన్ హెడ్‌లైన్ మార్చండి. ఒట్టి 'క్యూఏ ఎగ్జిక్యూటివ్' అని కాకుండా 'ఫార్మా క్వాలిటీ అష్యూరెన్స్, స్టెరైల్ ఇంజెక్షన్స్' అని పూర్తిగా రాయండి. నౌక్రీలో కీ స్కిల్స్ కూడా చూడండి, 'టెస్టింగ్' అని ఒంటరిగా ఉంటే తీసేయండి. ఒకటి రెండు నెలల తర్వాత కూడా సెలీనియం ఉద్యోగాలే వస్తుంటే ఇంకెక్కడో ఆ మాట మిగిలిపోయిందని అర్థం.

ఆమె కనెక్షన్ రిక్వెస్ట్ పెడితే తీసుకోండి. మీ ప్లాంటులో పెద్ద ఆడిట్ ఏదైనా ముగిసినప్పుడో, మీ హోదా మారినప్పుడో అదే మెసేజ్ కింద రెండు వాక్యాలు రాయండి. పాత జవాబు అక్కడే కనిపిస్తుంది కాబట్టి మీరెవరో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. ఈ రాత్రి పంపే ముందు మాత్రం, రాసింది నాన్నగారికి ఒకసారి చదివి వినిపించండి.