‘విశ్లేషిస్తారు’ అని రాసినంత మాత్రాన

అమ్మాయీ,

దత్తాంశ నిర్వహణ మీద నువ్వు పంపిన యూనిట్ రెండుసార్లు చదివాను. పట్టికలు శుభ్రంగా ఉన్నాయి. పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే లక్ష్యాల్లో నన్ను చికాకు పెట్టింది ఏడోది: “విద్యార్థులు కమ్మీ చిత్రాన్ని విశ్లేషిస్తారు.” దాని కింద నువ్విచ్చిన ప్రశ్న, “ఎక్కువ మందికి నచ్చిన ఆట ఏది?” అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న కమ్మీ మీద వేలు పెడితే జవాబు వచ్చేస్తుంది. అది బొమ్మను చదవడం. విశ్లేషణ ఎక్కడుంది?

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. 1956లో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ అంటూ లక్ష్యాలను మెట్లుగా పేర్చింది. తర్వాత ఒక్కో మెట్టుకూ క్రియల జాబితాలు పుట్టుకొచ్చాయి. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక సంపాదకుడు అలాంటి జాబితాను బల్ల మీద అతికించుకుని, నేను రాసిన “కనుక్కుంటారు” కొట్టేసి “విశ్లేషిస్తారు” అని పెట్టేవాడు. కింద ఉన్న ప్రశ్న జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

లక్ష్యం కన్నా ముందు ప్రశ్న రాయి. తరగతిలో చేయించినదానికి ఆ ప్రశ్న ఎంత దూరంలో ఉందో చూసుకో. స్థాయిని తేల్చేది ఆ దూరమే, క్రియ కాదు.

నీ మూడో లక్ష్యం “మధ్యగతాన్ని అర్థం చేసుకుంటారు” అంటోంది. అర్థమైందని ఏం చూసి చెబుతావు? “మధ్యగతం అంటే ఏమిటో సొంత మాటల్లో చెబుతారు” అని రాస్తే వినొచ్చు, మార్కు వేయొచ్చు. కానీ తరగతిలో చెప్పిన మాటే తిరిగి వస్తే అది జ్ఞాపకమే. “క్రమంలో లేని ఆరు సంఖ్యలు ఇస్తే మధ్యగతం కనుక్కుంటారు” అంటే వినియోగం. 9, 3, 7, 12, 5, 8 ఇచ్చి చూడు. వరుసలో పెట్టినవాళ్లకు నడిమి రెండు 7, 8 కాబట్టి 7.5 వస్తుంది. 9.5 రాశారంటే, పేర్చకుండా ఇచ్చిన వరుసలోనే నడుమ ఉన్న 7, 12 తీసుకున్నారన్నమాట. నిర్వచనం అప్పజెప్పిన పిల్లల్లోనే 9.5 రాసేవాళ్లు కనిపిస్తారు. అందుకే ఈ రెండూ ఒకే లక్ష్యంలో కుక్కొద్దు.

విశ్లేషణ దగ్గర నేనూ బోర్లా పడ్డాను. “సగటు, మధ్యగతాల్లో తగినదాన్ని ఎంచుకుని కారణం చెబుతారు” అని గర్వంగా రాశాను. ఐదుగురు పిల్లలు నెలలో చదివిన పుస్తకాలు 4, 5, 5, 6, 30. సగటు 10, కానీ నలుగురు ఆ దరిదాపుల్లో కూడా లేరు. మామూలుగా ఒకరు ఎన్ని చదివారో చెప్పాలంటే మధ్యగతం 5 నయం. తరగతిలో ఇలాంటివి నాలుగు చేయించాం. పరీక్షలో అందరూ “ఒక సంఖ్య మరీ పెద్దది కాబట్టి మధ్యగతం” అని రాశారు. నేను పొంగిపోయాను.

తర్వాత సరదాకి అవే సంఖ్యలతో ఇంకొకటి అడిగాను. ఐదుగురి దగ్గర అన్ని పుస్తకాలున్నాయి, అన్నీ కలిపి సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని? దాదాపు తరగతంతా మధ్యగతం 5 అని రాసి, కింద అదే కారణం చెప్పింది. తలా ఐదు ఇస్తే పంచింది 25. మిగతా 25 ఏమైనట్టు? వాళ్లు విశ్లేషించలేదు, నా వాక్యాన్ని బట్టీ పట్టారు. ఆ రాత్రి లక్ష్యం ఇలా మార్చాను: “సంఖ్యలు అవే ఉండి అడిగే సంగతి వేరైన రెండు కొత్త సందర్భాలిస్తే, ఒక్కోదానికి సగటు సరిపోతుందో మధ్యగతం సరిపోతుందో ఎంచుకుని, కారణాన్ని ఆ సందర్భానికి ముడిపెట్టి రాస్తారు.” కాస్త పొడుగే. ఉండనీ.

కొలత గురించి ఒక మాట. పిల్లలు ఏం చేయాలి, ఏ పరిస్థితుల్లో, ఎంత బాగా అనే మూడూ లక్ష్యంలో ఉండాలని 1962లో రాబర్ట్ మేగర్ అనే విద్యావేత్త చెప్పాడు. నువ్వు మూడోదానికి అన్నిచోట్లా “80 శాతం” అని పెట్టేశావు. మధ్యగతం లెక్కలు ఐదు ఇచ్చి నాలుగు రావాలంటే సరే. కారణం రాయమన్నచోట 80 శాతం అంటే ఏమిటి, ఐదు మాటల్లో నాలుగా? అక్కడ జవాబులో ఏం కనబడాలో రాయి. 30 వల్ల సగటు ఎటు జరిగిందో చెప్పాలి, అడిగిన సంగతికి అది అడ్డమో కాదో చెప్పాలి. రెండూ ఉంటేనే వచ్చినట్టు.

ప్రాజెక్టు పని గురించీ, వృత్త చిత్రాల గురించీ అడిగావు. వాటి సంగతి మరోసారి.

యూనిట్ తిరగరాసి పంపేటప్పుడు ప్రతి లక్ష్యం కింద పరీక్ష ప్రశ్న పెట్టు, దాని పక్కనే తరగతిలో చేయించిన లెక్క కూడా పెట్టు. ఆ రెంటినీ చూశాకే నీ క్రియలు చదువుతాను.