మనం లాగిన్ అవ్వకుండానే ఓటీపీ వస్తే

పోయిన నెల ఓ రాత్రి పదకొండున్నరకి మా ఊరి కుర్రాడు ఫోన్ చేశాడు. ఎమ్మెస్ కోసం టెక్సాస్ వచ్చి మూడు నెలలైంది. "అన్నా, నేను పడుకుని ఉన్నాను. బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చింది. డబ్బులు పోయినట్టేనా?" గొంతు వణుకుతోంది.

"పోలేదులే. ఆ మెసేజ్ మొత్తం చదివి వినిపించు, అంకెలు మాత్రం చెప్పకు" అన్నాను.

మనమంతా అంకెలు చూసి మిగతా వాక్యం వదిలేస్తాం. విషయమంతా ఆ వాక్యంలోనే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి పంపిన కోడ్ అని ఉంటే, ఎవరో 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కారన్నమాట. చదవగానే గుండె ఆగినంత పనవుతుంది కానీ, పాస్‌వర్డ్ తెలిసినవాడికి ఆ బటన్‌తో పనేముంది? వాడి దగ్గర ఉన్నది మన నంబరో, ఈమెయిలో, యూజర్ నేమో మాత్రమే. అదే లాగిన్ కోసం పంపిన కోడ్ అని మామూలుగా కనిపించే మెసేజ్ ఉందే, దానికి భయపడాలి. చాలా బ్యాంకులు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టాకే ఆ కోడ్ పంపుతాయి. అంటే ఎవడో మొదటి తలుపు దాటి రెండో తలుపు దగ్గర నిలబడ్డాడు.

మన బ్యాంకు ఏ రకమో తేల్చుకోవాలంటే మనమే ఒకసారి లాగిన్ అయి చూడాలి, కోడ్ పాస్‌వర్డ్‌కి ముందు వస్తోందా తర్వాత వస్తోందా అని. నంబరు కొట్టగానే కోడ్ పంపేసే యాప్‌లూ ఉన్నాయి, వాట్సాప్ అలాంటిదే. అక్కడ ఎవరో ఒక అంకె తప్పు కొట్టినా మన ఫోనే మోగుతుంది.

మావాడికి వచ్చింది లాగిన్ కోడే. "ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడావా?" అంటే కాసేపు మాట్లాడలేదు. ఇంజనీరింగ్ రోజుల్లో ఏదో షాపింగ్ సైటుకి పెట్టిందే ఇక్కడ బ్యాంకుకీ, జీమెయిల్‌కీ పెట్టాడట. ఎక్కడో ఒకచోట బయటికి పొక్కిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటల్ని వందల సైట్లలో వరసపెట్టి ప్రయత్నించే ప్రోగ్రాములు ఉంటాయి. అలా తగిలి ఉంటుంది.

మేము మాట్లాడుతుండగానే ఇంకో కాల్ వచ్చింది. తెరమీద బ్యాంకు పేరే. తీశాడు. మీ ఖాతాలో అనుమానాస్పద లావాదేవీ ఉంది, రద్దు చేయాలంటే ఇప్పుడే వచ్చిన కోడ్ చదవండి అన్నాడట అవతలివాడు. కాలర్ ఐడీలో ఏ నంబరైనా, ఏ పేరైనా కనిపించేలా చేయొచ్చు, దాన్ని నమ్మడానికి లేదు. కోడ్ ఆయుష్షు కొద్ది నిమిషాలే కాబట్టే ఆ తొందర. మనం బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు వాళ్లూ ఒక్కోసారి కోడ్ పంపి చదవమంటారు, అది వేరు. కార్డు వెనకున్న నంబరుకి మనం చేశామా, వాళ్లు మనకి చేశారా అన్నదే తేడా.

మావాడు పెట్టేశాడు. ఆ రాత్రే ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్పించాను. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు వచ్చేది అక్కడికే కదా, అది ఆ మోసగాడి చేతిలో ఉంటే బ్యాంకుది ఎన్నిసార్లు మార్చినా దండగ. గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా చూసి, తనవి కానివి తీసేయమన్నాను. ఆ తర్వాతే బ్యాంకుది మార్చాడు, అదీ మెసేజ్‌లో లింకు నొక్కకుండా, యాప్ తెరిచి.

కొత్త సిమ్ తీసుకున్నవాళ్లకి ఇంకో రకం వస్తుంటుంది. మనకి ఖాతాయే లేని కంపెనీల నుంచి రోజూ కోడ్‌లు. ఇక్కడ వదిలేసిన నంబరుని కనీసం 45 రోజులు ఆపి ఇంకొకరికి ఇచ్చేస్తారు. పాత యజమాని తన ఖాతాల్లో నంబరు మార్చుకోలేదంతే. నాకైతే ఏడాది పాటు ఎవరిదో పిజ్జా ఆర్డరు కూడా వచ్చేది. వదిలేయండి, ఆ కోడ్‌తో ఎక్కడికీ వెళ్లకండి.

రూమ్ కావాలని ప్రకటన పెట్టినవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. "మీరు నిజమైన మనిషేనా అని చూసుకోవడానికి ఒక కోడ్ పంపుతున్నా, చెప్పండి" అని ఎవరైనా అడిగి, వచ్చిన మెసేజ్‌లో Google Voice అని ఉంటే, వాడు మన నంబరు ఆసరాగా తనకో అమెరికా నంబరు పుట్టిస్తున్నాడు. రేపు దాంతో ఇంకొకర్ని మోసం చేస్తాడు. చెప్పేసి ఉంటే, మన జీమెయిల్‌తోనే గూగుల్ వాయిస్ తెరిచి, సెట్టింగ్స్‌లో మన నంబరు జోడించండి. వేరే ఖాతాకి కలిపి ఉందని చెబుతుంది, అయినా మనకే కావాలని ఖాయం చేయండి. మన ఫోన్‌కే మళ్లీ కోడ్ వస్తుంది, అది కొట్టగానే నంబరు వాడి ఖాతా నుంచి ఊడి వచ్చేస్తుంది.