ఈ రోజుకి ఎంత మిగిలిందో చెప్పే షీట్

ఇంటి ఖర్చులు రాద్దామని రెండుసార్లు గూగుల్ షీట్ మొదలుపెట్టాను. పదకొండు కాలమ్‌లు, రంగులు అన్నీ పెట్టుకున్నా. రెండు వారాలకే ఆగిపోయింది. మా ఆయన షీట్ తెరిచి ‘ఇదెందుకు కొన్నావు?’ అని అడుగుతుంటే ఇక రాయాలనిపించడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, ఖమ్మం

అమ్మా, పదకొండు గడులు నింపాలంటే ఎవరికైనా విసుగే. పైగా అంత కష్టపడి రాస్తే ఆ షీట్ మీకు తిరిగి ఇచ్చిందేమీ లేదు, ప్రశ్నలు తప్ప. ఈసారి తేదీ, మొత్తం, దేనికి అనే మూడు కాలమ్‌లే ఉంచండి. అద్దె, ఈఎంఐ, స్కూలు ఫీజు, పొదుపు ఇందులోకి రానివ్వకండి. అవి నెల మొదట్లోనే తీసి పక్కన పెట్టేవి, రోజూ చూసినా మారవు.

అవన్నీ పోగా ఇంటి ఖర్చుకి 18,000 మిగులుతుందనుకుందాం. ఆ అంకెను F1లో వేయండి. F2లో మొదటి ఫార్ములా, F3లో రెండోది రాయండి.

```
=F1-SUM(B2:B)
=F2/(EOMONTH(TODAY(),0)-TODAY()+1)
```

F2 మిగిలిన డబ్బు. నెల మారగానే ఈ షీట్‌ను కొత్తగా మొదలుపెట్టండి, లేకపోతే పాత నెల ఖర్చు కూడా ఇందులోంచి తీసేస్తుంది. F3 నెలాఖరు దాకా రోజుకి ఎంత వాడుకోవచ్చో చెబుతుంది. ముప్పై రోజుల నెలలో 12వ తేదీ పొద్దుటికి 8,500 ఖర్చయితే మిగిలింది 9,500. ఇంకా 19 రోజులున్నాయి కాబట్టి రోజుకి 500. కూరగాయలకు వెళ్లే ముందు మీరు చూడాల్సింది ఈ ఒక్క అంకే. అది పనికొస్తున్నంత కాలం రాయబుద్ధి అవుతుంది. F3లో తేదీ లాంటిది కనిపిస్తే ఆ గడి ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చండి.

B కాలమ్‌లో అంకె మాత్రమే వేయండి. ‘250 రూ.’ అని రాస్తే షీట్ దాన్ని మాటగా తీసుకుని కూడికలో వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలికే: అంకె గడిలో కుడివైపుకి చేరుతుంది, మాట ఎడమవైపు ఉండిపోతుంది.

అసలు చిక్కు రాయడం మరిచిన రోజుల దగ్గర వస్తుంది. మూడు రోజులు తప్పితే ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ కూర్చోకండి. ఫోన్‌పేలో ఆ మూడు రోజుల చెల్లింపులు కూడి, ‘మూడు రోజులు’ అని ఒకే వరుసలో వేసేయండి. ఏటీఎంలో తీసిన నగదు మొత్తాన్ని తీసిన రోజే ‘చేతి ఖర్చు’ అని రాయండి. ఆ డబ్బుతో కొన్నవి మళ్లీ రాయకూడదు, రాస్తే రెండుసార్లు లెక్కకొస్తాయి. పాలు, టీ దేనికెంతో తెలియకపోవచ్చు. ఫరవాలేదు, మిగిలింది ఎంతో తెలుస్తుంది కదా.

ఇక మీ ఆయన సంగతి. ఆయన ఫోన్‌లోనూ షీట్ షేర్ చేసి, ఆయన ఖర్చు ఆయన్నే రాయమనండి. పెట్రోలు, బయటి టిఫిను కూడా. ఇద్దరికీ చెరో 1,000 ‘సొంతం’ అని నెల మొదట్లోనే రాసి పెట్టండి. దాని గురించి ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఈ మాట ఆయనతో షీట్ ముందు కూర్చున్నప్పుడు కాకుండా, ఒక ఆదివారం తీరిగ్గా చెప్పండి. ‘నువ్వు అడిగేసరికి నాకు రాయడం మీదే భయం పుడుతోంది’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. అడగాల్సింది ఏదైనా ఉంటే F3 బాగా పడిపోయిన వారంలో ఇద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చు.